బ్యాండు ఆపా మూడేళ్ల గడువు

వకీలు కోటు వేసుకున్న కొత్తలో నేను బోనకల్ నుంచి రోజూ రైల్లో ఖమ్మం వచ్చిపోయేదాన్ని. పొద్దున బండి ఆలస్యమైతే మా సీనియర్ ఏమీ అనేవారు కాదు. నా కుర్చీ మీద ఆ రోజు ఫైళ్లు పెట్టి, తాను కోర్టుకు వెళ్లిపోయేవారు. ఆ ఫైళ్లను చూడగానే నాకు సిగ్గేసేది. ఆయనకు అరవై దాటాయి. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కక్షిదారు ఎంతసేపు చెప్పినా వినేవారు, చివర్లో రెండో మూడో ప్రశ్నలు అడిగేవారు.

వానాకాలంలో ఒక సాయంత్రం ఆఫీసుకు ఇద్దరు వచ్చారు. ఒకామెకు యాభై దాటి ఉంటాయి. బురఖా తడిసి అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి వస్తే నేల పాడవుతుందని గుమ్మం బయటే నిలబడింది. ఆమె వెనక సన్నగా, పొడుగ్గా ఒకాయన. దుమ్ముగూడెం అవతల అడవిలోని కోయ గూడెం ఆయనది. ఖమ్మంలో ఆమె నడిపే పెళ్లి బ్యాండులో డోలు వాయిస్తాడు. నేను వెళ్లి లోపలికి రమ్మంటే, "ఆపా రాకుండ నేనెట్ల వస్తనమ్మా?" అన్నాడు. ఆపా అంటే అక్క. ఇద్దరినీ లోపల కూర్చోబెట్టాను, ఆ రోజు నుంచి మాకూ ఆమె ఆపానే అయింది.

ఆపా చెప్పిన సంగతి ఇది. వాళ్ల మామగారి కాలం నుంచీ వాళ్లది బ్యాండు మేళం. ఆమె భర్త క్లారినెట్ మాస్టరు. పెళ్లిళ్లకు, ఊరేగింపులకు, దర్గా ఉర్సుకు, ఎవరు పిలిస్తే వాళ్లకు వాయించేవారు. పదిహేను మందిలో సగం మంది టౌనువాళ్లు, డోళ్లు వాయించేవాళ్లంతా అడవి ఊళ్లవాళ్లు. ఇంట్లో రెండే గదులు. అందుకని మూఢం రోజుల్లో, పెళ్లిళ్లు లేని నెలల్లో, వాద్యాలన్నీ ఒక టెంట్ హౌస్ యజమాని గోదాములో కిరాయికి పెట్టేవారు. క్లారినెట్లు, ట్రంపెట్లు, పెద్ద డ్రమ్ము, సైడ్ డ్రమ్ములు, జరీ కోట్ల పెట్టె. ఎన్నో ఏళ్లుగా అలాగే జరుగుతోంది.

ఒక చలికాలంలో ఆమె భర్త గుండె ఆగి చనిపోయాడు. కొన్నాళ్లు దాటి, ముహూర్తాలు దగ్గర పడ్డాక, ఆమె గోదాముకు వెళ్లి సామాను ఇవ్వమంది. టెంట్ హౌస్ యజమాని రేపు రమ్మన్నాడు. మర్నాడు వెళితే తాళంచెవి తమ్ముడి దగ్గర ఉందన్నాడు. మూడోసారి డోలు ఆయనను వెంటబెట్టుకుని వెళ్లింది. అప్పుడు యజమాని గుమ్మంలో అడ్డంగా నిలబడి, మీ ఆయన పోకముందే ఆ సామాను నాకు అమ్మిండు, ఇప్పుడది నాది, పొమ్మన్నాడు. అప్పటికే ఆయన తన టెంట్లతో పాటు బ్యాండు కూడా కుదురుస్తానని అందరికీ చెప్పుకుంటున్నాడని ఆమెకు తర్వాత తెలిసింది.

ఆమె చెప్పడం ఆపాక మా సీనియర్ మొదటి ప్రశ్న అడిగారు.

"రేపు రా అన్న రోజు సంగతి పక్కన పెట్టమ్మా. ఇయ్యను అని మొహం మీద అన్నది ఎప్పుడు?"

ఆమె నెల చెప్పింది. నేను కాగితం మీద రాసుకున్నాను. అప్పటికి మూడేళ్లు నిండి పైన కొన్ని నెలలయ్యాయి. నా కలం అక్కడే ఆగిపోయింది. ఎవరి దగ్గరైనా దాచిపెట్టిన సామానును తిరిగి రాబట్టుకునే దావాకు గడువు మూడేళ్లు. అడిగిన తర్వాత అవతలివాడు ఇవ్వనని చెప్పిన రోజే వ్యాజ్య కారణం పుట్టిన రోజు. గడువు అక్కడి నుంచి నడుస్తుంది. పరీక్ష కోసం చదివిన ఆ మాటలు నోటికి వచ్చు. ఎదురుగా కూర్చున్న మనిషి మీద అవి ఎట్లా పడతాయో మాత్రం అప్పుడే చూశాను.

మా సీనియర్ కంగారు పడలేదు. ఆ మూడేళ్లు ఏం చేశావమ్మా అని అడిగారు. అది ఆయన రెండో ప్రశ్న.

చేతులు కట్టుకుని కూర్చోలేదని ఆమె జవాబిచ్చింది. గోదాము ఆయన కాదన్న రెండు నెలలకే వాళ్ల మొహల్లా పెద్ద ఒకాయన, కిరాయి కట్టినవు కాబట్టి నువ్వు వినియోగదారువి, ఆడికే పోవాలె అని చెప్పి వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయించాడు. అక్కడ వాయిదాలు నడిచాయి. కొన్ని రోజులు సభ్యులు లేక బెంచి కూర్చోలేదు. కొన్నిసార్లు అవతలివాళ్లు గడువు అడిగారు. అట్లా రెండున్నరేళ్లు గడిచాక కమిషన్ తేల్చి చెప్పింది: పదిహేను మందిని పెట్టి నడిపే బ్యాండు వాణిజ్యం కిందికి వస్తుంది, పైగా అమ్మకం జరిగిందా లేదా అనేది పూర్తి సాక్ష్యంతో తేలాల్సిన విషయం, ఇది మా పరిధి కాదు, సివిల్ కోర్టుకు వెళ్లండి.

"మరి అప్పుడే రావచ్చు కదా ఆపా?" అని నేను అడిగాను.

మణుగూరులో ఆమె కూతురికి నెలలు నిండకముందే కాన్పయింది. అల్లుడు బొగ్గు గనిలో పని చేస్తాడు, షిఫ్టులు. పిల్ల చిన్నదిగా పుట్టి దవాఖానాలోనే ఉండిపోయింది. ఆపా అక్కడే ఉండి ఆ పసిదాన్ని ఛాతీకి ఆనించుకుని బతికించుకుంది. తిరిగొచ్చి ఒక వకీలు దగ్గరకు వెళితే, మూడేళ్లు అయిపోయినయి, ఇంక ఏం లేదు అని పంపించేశాడు. బురఖా అంచు పిండుకుంటూ, లేదంటే లేదని మీరూ చెప్పండి సాబ్, ఆశ పెట్టుకోను, మావాళ్లకు చెప్పేస్త అంది. ఆ "మావాళ్లు" పదిహేను మంది. అందులో ఆరుగురు అప్పటికే డీజే బండ్ల వెంట వెళ్లిపోయారు. మిగిలినవాళ్లను ఆమె అద్దె వాద్యాలతో, పక్క ఊళ్ల బ్యాండ్లలో చోటు అడిగి, ఎట్లాగో కలిపి ఉంచింది.

మా సీనియర్ నా వైపు తిరిగి, లిమిటేషన్ చట్టంలో పద్నాలుగో సెక్షన్ చదువు అన్నారు. నేను పుస్తకం తీసి చదివాను. చదవడం అయ్యాక ఆయన దాన్ని ఆమెకు తన మాటల్లో చెప్పారు.

"చూడమ్మా. చట్టం నీకు మూడేళ్లు ఇచ్చింది. అందుల నువ్వు అదే మనిషి మీద, అదే సంగతి కోసం, మంచి మనసుతోని, శ్రద్ధగ ఒకచోట కేసు నడుపుకున్నవు. అది ఆ చోటుకు అధికారం లేని కేసు అని తేలింది. అట్లాంటప్పుడు ఆడ గడిపిన కాలం నీ మూడేళ్లల కలపరు. ఆడికి పోకముందు పోయిన రెండు నెలలు నీవే. వాళ్లు కాదన్నంక మణుగూరుల ఉన్న నెలలూ నీవే. అవి రెండూ కలిపితే ఏడాది కూడ కాలేదు."

ఆమె డోలు ఆయన వైపు తిరిగి, సమజైందా అని అడిగింది. ఆయన అవ్ అన్నాడు. మళ్లీ ఆమే మా సీనియర్‌తో, "మంచి మనసుతోని పోయిన అని ఎవరు చెప్పాలె సాబ్?" అంది.

నువ్వే, అన్నారు ఆయన. దాన్ని రుజువు చేయాల్సిన భారం మన మీదనే ఉంటుంది.

ఆ దావా నేను రాశాను. గడువు దాటినట్టు కనిపించే దావాలో, ఏ కారణం మీద ఆ కాలాన్ని మినహాయించమంటున్నామో దావాలోనే స్పష్టంగా రాయాలి. లేకపోతే గుమ్మంలోనే ఆగిపోతుంది. ఆ ఒక్క పేరా కోసం మా సీనియర్ నాతో అయిదుసార్లు తిరగరాయించారు. మొదటిసారి నేను ఇంగ్లీషు తీర్పుల్లోని పెద్ద మాటలు పేర్చి ఇచ్చాను. ఆయన చదివి, ఆమె ఏం చేసిందో రాయి అన్నారు. కమిషన్‌లో ఎప్పుడు వేసింది, ఎవరి మీద వేసింది, ఏం అడిగింది, ఎందుకు కాదన్నారు, ఎప్పుడు ముగిసింది. అయిదోసారి రాసేసరికి పేరా చిన్నదైంది. అందులో నాకు నచ్చిన మాట ఒక్కటి కూడా మిగల్లేదు. ఆయన దాన్ని మార్చలేదు.

ఇంకొక్క విషయం ఆయన దావాలో రాయించారు. ఈ వాద్యాలకు బదులు డబ్బు ఇప్పిస్తే సరిపోదు, ఆ వస్తువులే కావాలి అని. ఎందుకని నేను అడిగితే, పాత క్లారినెట్టుకు అంగట్ల ఏం ధర కడతవు, ఆమెను అడిగి రా అన్నారు. అడిగాను. ఆపా నవ్వి, "గా క్లారినెట్టు మా మామ వాయించిండు, మా ఆయన వాయించిండు. ధరంటే నేనేం చెప్పాలె బేటీ?" అంది.

దావా ఖమ్మం సివిల్ కోర్టులో నంబరైంది. టెంట్ హౌస్ యజమాని వకీలు పేరున్నవాడు, చురుకైనవాడు. జవాబు వేయకముందే ఒక పిటిషన్ వేశాడు: ఇది గడువు దాటిన దావా, విచారణ అక్కర్లేకుండా దీన్ని తిరస్కరించండి అని. జడ్జి యువతి, కొత్తగా వచ్చింది. ఆమె దావాలోని ఆ పేరాను తెరిచి చదివింది. కాలం మినహాయించాలా వద్దా అన్నది సాక్ష్యం విన్నాకే తేలుతుంది, దావా చదవగానే గడువు దాటిందని చెప్పలేను అని ఆ పిటిషన్ కొట్టేసింది. నేను బెంచీ మీద నుంచి ఆపా వైపు చూశాను. తీర్పు వచ్చేసిందనుకుందేమో, ఆమె రెండు చేతులూ ఎత్తి దువా చేసుకుంటోంది. బయటకు వచ్చాక ఇది ఇంకా మొదలేనని చెప్పాల్సి వచ్చింది. సరే, ఇంకోపారి చేసుకుంట అంది.

తర్వాత మేము కోర్టును ఒక కమిషనర్‌ను వేయమని అడిగాం. వాద్యాలు అసలు ఆ గోదాములో ఉన్నాయో లేవో, ఉంటే ఏ స్థితిలో ఉన్నాయో చూసి రాసుకోవడానికి. కమిషనర్‌గా వేసిన వకీలుతో, అవతలి వకీలుతో పాటు నేను, ఆపా, డోలు ఆయన వెళ్లాం. మిర్చి యార్డు దాటాక ఆ గోదాము. లోపల కుర్చీల దొంతరలు, షామియానా గుడ్డలు, వెనక మూలన ఒక ఇనుప బీరువా, దాని పక్కన పెద్ద డ్రమ్ము. దాని తోలు ఒకవైపు చిరిగి ఉంది. డోలు ఆయన వంగి ఆ చిరుగు మీద అరచేయి పెట్టి అట్లాగే ఉండిపోయాడు.

బీరువా తెరిచారు. ఒక క్లారినెట్ తీసి, ఇది మీదేనని ఎట్లా చెబుతారు అని కమిషనర్ ఆపాను అడిగాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ముట్టుకుంటే మళ్లీ ఏమన్న అంటరు, మీరే ఇప్పండి సాబ్, నడుమ కాడ తిప్పితే రెండయితది అంది. ఆయన తిప్పాడు. అతుకు దగ్గర కార్కు స్థానంలో ఎర్ర దారం చుట్టి ఉంది. కార్కు అరిగిపోతే జరీ కోట్లకు కుట్టే దారంతో తానే చుట్టానని, కింది మూడు మీటల మెత్తలు కూడా తానే మేక తోలు కత్తిరించి అంటించానని ఆమె చెప్పింది. ఆయన మీటలు ఎత్తి చూశాడు. మూడు తోలు మెత్తలూ ఉన్నాయి. అదంతా కమిషనర్ రాసుకున్నాడు.

రోడ్డు మీదకు వచ్చాక ఆమె నా చేయి గట్టిగా పట్టుకుని, బతికే ఉంది అంది. ఒక మనిషిని ఆస్పత్రిలో చూసి వచ్చినట్టు ఆ మాట అంది.

సాక్ష్యం రోజు వచ్చింది. మా కేసు నిలిచినా కూలినా ఆ రోజే అని మా సీనియర్ ముందే చెప్పారు. ఆపాకు ఏం చెప్పాలో నేర్పించనివ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పు, తెలియకపోతే తెలియదను, ఇంతే ఆయన చెప్పింది.

అవతలి వకీలు నిదానంగా మొదలుపెట్టాడు. కమిషన్‌లో ఫలానా వాయిదాకు మీరు రాలేదు కదా అన్నాడు. ఆయన చేతిలో కమిషన్ వాయిదాల నకలు ఉంది. అందులో ఒకచోట ఆమె గైర్హాజరు రాసి ఉంది. మిగతా అన్ని వాయిదాలకూ ఆమె హాజరు ఉన్నా, ఆయనకు ఆ ఒక్కటే కావాలి. శ్రద్ధగా నడపలేదని తేలితే పద్నాలుగో సెక్షన్ మాకు పనికిరాదు.

"రాలేదు," అంది ఆమె.

"అంటే కేసు మీద మీకు శ్రద్ధ లేదు."

"శ్రావణంల దుమ్ముగూడెం కాడ పెండ్లికి పోయినం సాబ్. కిరాయి వాద్యాలతోని. గోదారి ఎక్కి తొవ్వ మీద నీళ్లొచ్చినయి. మూడు దినాలు గాడనే చిక్కినం. ఫోను చేసి మా పక్కింటామెతోని గడువియ్యాలని కాయితం పంపిన. నేను రాలేదు గని, నా కాయితం వచ్చింది."

జడ్జి ఆ నకలు తీసుకుని చూసింది. గైర్హాజరు పక్కనే, ఫిర్యాదుదారు తరఫున గడువు కోరుతూ అర్జీ వచ్చింది అని ఉంది. జడ్జి దాన్ని పైకి చదివి, రాసుకోమని చెప్పింది.

అవతలి వకీలు దారి మార్చాడు. బ్యాండు వ్యాపారమని మీకు ముందే తెలుసు, వినియోగదారుల కమిషన్‌కు అధికారం లేదని తెలిసే కాలం గడపడానికి అక్కడ వేశారు అన్నాడు. నేను భయపడ్డది ఈ ప్రశ్నకే. మంచి మనసు అనేదాన్ని చట్టం తేలిగ్గా ఒప్పుకోదు. తగిన జాగ్రత్త లేకుండా చేసింది మంచి మనసుతో చేసింది కాదని అక్కడే రాసి ఉంది.

ఆపా తొందరపడి జవాబిచ్చిన సందర్భం ఆ రోజంతా నేను చూడలేదు.

"కాలం గడిపితే నాకేమొస్తది సాబ్? సామాను వాళ్ల కాడ ఉంది, ముహూర్తాలు నాకు పోతున్నయి. వాయిస్తే తింటం, లేకుంటే లేదు. దాన్ని వ్యాపారమంటరో ఏమంటరో నాకు ఎరుక లేదు. కిరాయి కట్టినవు, గాడికి పో అన్నరు, పోయిన. మాది కాదన్నరు, ఈడికి వచ్చిన. పిలిచినప్పుడల్ల పోయిన. ఇంకెట్ల పోవాలెనో మీరు చెప్పండి."

ఇంకా ప్రశ్నలు వచ్చాయి. కమిషన్ ముగిశాక అన్ని నెలలు ఎందుకు ఊరుకున్నారని అడిగాడు. మణుగూరు, కూతురు, పసిపిల్ల, అన్నీ చెప్పింది. బోను దిగేటప్పుడు ఆమె చేయి చాపింది. నేను వెళ్లి పట్టుకున్నాను. అప్పుడు చూశాను, అరచేయి చెమటతో తడిసి మంచులా చల్లగా ఉంది. ఇంతసేపూ ఆ గొంతులో అది వినపడలేదు.

తర్వాత డోలు ఆయన సాక్ష్యం. దుమ్ముగూడెం నుంచి ముందు రోజే బయలుదేరి వచ్చాడు. ఆపా భర్త పోవడానికి ముందు వచ్చిన శ్రీరామనవమి నాటికే నోటిమాటగా వాద్యాలు అమ్మేశాడన్నది అవతలివాళ్ల వాదన. డోలు ఆయన ఒక్క సంగతే చెప్పాడు. ఆ నవమి అయ్యాక, ఎండలు ముదిరినంక, మాస్టరు తమ గూడేనికి వచ్చి అదే క్లారినెట్ వాయించాడని. ఎవరి పెళ్లికి అని అడిగితే, తన బిడ్డ పెళ్లికేనన్నాడు. బ్యాండు వాళ్లు నీకు కూలి ఇస్తారు కాబట్టి వాళ్ల తరఫున చెబుతున్నావు, ఆ పెళ్లికి ఎంత తీసుకున్నావని వకీలు అడిగాడు.

"నా బిడ్డ పెండ్లికి నేనెవరి కాడ కూలి తీసుకుంట సారూ?" అన్నాడాయన. ఆశ్చర్యంగానే అడిగాడు. వకీలు కూడా ఒక క్షణం నవ్వాపుకున్నాడు.

వాదనల రోజు మా సీనియర్ ఎక్కువసేపు మాట్లాడలేదు. వినియోగదారుల కమిషన్ ముందు గడిపిన కాలానికి కూడా పద్నాలుగో సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిందని తీర్పులు ఇచ్చారు. అవతలి వకీలు మణుగూరు నెలలనే పట్టుకుని, కమిషన్ పొమ్మన్న మర్నాడే రాని మనిషికి శ్రద్ధ ఎక్కడిదని గట్టిగా వాదించాడు. దానికి మా సీనియర్ ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నెలలను మినహాయించమని మేము అడగడం లేదన్నారు. అవి ఆమె మూడేళ్లలోవి. తన గడువును తాను ఎట్లా వాడుకుందో ఆమె ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. శ్రద్ధ చూపాల్సింది కమిషన్‌లో ఉన్నంత కాలం. అక్కడ ఆమె ఎట్లా నడుచుకుందో కోర్టు చూసింది. ఇంతే చెప్పి కూర్చున్నారు.

తీర్పు వచ్చిన రోజు చిరుచలి. జడ్జి ముందుగా గడువు అంశమే తేల్చింది. ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు లెక్క, అందులో కమిషన్ ముందు ఫిర్యాదు వేసిన రోజు, ముగిసిన రోజు రెండింటినీ కలిపి ఆ మధ్య కాలమంతా తీసివేయాలి, తీసివేస్తే దావా గడువులోపలే ఉంది అని చదివింది. వాది ఆ కాలమంతా శ్రద్ధతో, సద్భావంతో నడుచుకుందని రాసింది. తర్వాత అమ్మకం రుజువు కాలేదంది. వాద్యాలను వాదికి అప్పగించాలని డిక్రీ ఇచ్చింది.

ఆ "సద్భావం" అన్న మాట ఇంగ్లీషులో ఉంది. నేను దాన్ని తెలుగులో చెప్పి వినిపించాను. మంచి మనసుతో నడుచుకున్నావని జడ్జిగారు రాశారు ఆపా అన్నాను. ఆమె కోర్టు మెట్ల మీద కూర్చుని, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. సామాను వస్తుందన్నందుకు కాదు. ఇంతకాలం ఆమెను గడువు దాటించుకున్న మనిషి అన్నారు, ఒళ్లు బద్ధకం అన్నారు, కావాలనే నాన్చింది అన్నారు. ఆ మాటలన్నీ ఆమె ఎక్కడ దాచుకుందో నాకు అప్పటిదాకా తెలియదు. డోలు ఆయన కాస్త ఎడంగా, వీపు అటు తిప్పి నిలబడ్డాడు. ఎవరూ చూడకుండా అడ్డం నిలబడ్డట్టు.

యజమాని వెంటనే ఇవ్వలేదు. అమలు పిటిషన్ వేస్తే కోర్టు అమీనా వెళ్లి సామాను స్వాధీనం చేసుకుని ఆమెకు అప్పగించాడు. అన్నీ బాగా రాలేదు. ఒక ట్రంపెట్ నొక్కుకుపోయింది, జరీ కోట్లను ఎలుకలు కొరికాయి. మాస్టరు క్లారినెట్ చెక్క ఎండి, పైముక్క నిలువునా పగిలింది. దాన్ని హైదరాబాదు పంపి అతికించారు గానీ పై స్వరాలు ఇక పలకలేదు. ఆపా దాన్ని పారేయలేదు, ఇంట్లో గోడకు తగిలించనూ లేదు. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ఇచ్చేది. పై స్వరాలు తర్వాత నేర్చుకోవచ్చు, ముందు శ్వాస పట్టుడు నేర్వాలె అనేది.

ఆరుగురిలో నలుగురు తిరిగి వచ్చారు. మిగతా ఇద్దరికి డీజే బండి మీదే బాగుందట. వాళ్లను ఆమె తప్పుపట్టలేదు.

ఆ మరుసటి వేసవిలో దుమ్ముగూడెం దగ్గర ఒక పెళ్లికి రమ్మని ఆమె మా ఇద్దరినీ పిలిచింది. మా సీనియర్ కాళ్ల నొప్పులతో కూడా బయలుదేరారు. భద్రాచలం వంతెన దాటి, ఊళ్లు పలచబడి, మోదుగలు, టేకులు మొదలైన చోట జీపు దిగి నడిచాం. పెళ్లి గూడెంలో. బ్యాండు మాత్రం ఖమ్మంది. ఎలుకలు కొరికిన చోట్లన్నీ వేరే రంగు గుడ్డతో కుట్టిన జరీ కోట్లు వేసుకుని వాళ్లు వరుస కట్టారు. ముందు క్లారినెట్లు ఒక సినిమా పాట వాయించాయి. తర్వాత డోలు ఆయన ముందుకు వచ్చి తమ పాత దెబ్బ ఒకటి మొదలుపెడితే, గూడెం ఆడవాళ్లు చేతులు కలిపి వరుసగా అడుగులు వేశారు. క్లారినెట్లు కాసేపు వెతుక్కుని, తర్వాత ఆ దెబ్బలో కలిసిపోయాయి.

ఆపా వాయించదు. ఆమె ఎప్పుడూ ఒక పక్కన నిలబడి వాళ్లను చూస్తుంటుంది. ఎవరి కోటు గుండీ ఊడిందో, ఎవరికి దాహమవుతోందో, ఎవరు అలసిపోయారో ఆమెకు తెలుస్తుంది. ఆ రోజు కూడా అట్లాగే నిలబడి ఉంది. మా సీనియర్ ఆమె పక్కకు వెళ్లి, బాగుందమ్మా అన్నారు. నలభై ఏళ్ల ప్రాక్టీసు ఆయనది, కక్షిదారులు పిలిస్తే పెళ్లికి వెళ్లడం నేను అంతకుముందు చూడలేదు.

పెళ్లి పెద్ద ఒకాయన వచ్చి వచ్చే నెల తమ తమ్ముడింట్లో కూడా పెళ్లి ఉందని, రేటు తగ్గించమని అడిగాడు. ఆపా ఒప్పుకోలేదు. మావాళ్లు పదమూడు మంది, అందరికీ ఇంటికాడ పిల్లలున్నరు అంది. ఆయన సరే, మీరే రండి అన్నాడు. ఆమె నీళ్ల బిందె ఎత్తుకుని డోలు వాయించేవాళ్ల వైపు వెళ్లిపోయింది.